కొత్త హెల్త్ పాలసీ, ఫ్రీలుక్ 30 రోజులు, క్లెయిమ్ 3 గంటలు: గడియారం ఎక్కడ మొదలవుతుందో చూసుకోండి

హెల్త్ పాలసీ కొత్తగా తీసుకున్నవాళ్ళు నన్ను ఏమైనా అడిగితే ముందు ఒకటే చెబుతాను, పాలసీ పీడీఎఫ్ తెరిచి కవరేజీ పేజీలు కాదు, చివర్లో ఎక్కడో అతికించి ఉండే ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం మనం ఇచ్చిన దరఖాస్తు, దాని కాపీ చూడండి అని. మనం ఏం చెప్పామో కాదు, మనం చెప్పినట్టు అందులో ఏం రాసి ఉందో అదే రేపు క్లెయిమ్ రోజు మాట్లాడుతుంది. మా ఇంట్లో ఆ కాపీ చూడటం వల్లే ఫ్రీలుక్, అంటే కొత్త పాలసీని వెనక్కి ఇచ్చేసే గడువు, వాడాల్సి వచ్చింది, ఆ తర్వాత రెండు నెలలకే క్లెయిమ్ కూడా పడింది. అందుకని రూల్స్ రెండూ కాగితం మీద ఎలా ఉన్నాయో, నిజంగా ఎలా నడుస్తాయో రెండూ చూశాను. అదంతా ఇక్కడ రాస్తున్నా.

సంగతి 2025 అక్టోబరుది. అమ్మకీ నాన్నగారికీ కలిపి 5 లక్షల ఫ్లోటర్ పాలసీ, నాన్నగారి పెన్షన్ పడే బ్యాంకు ద్వారా తీసుకున్నారు. బ్యాంకులో ఇన్సూరెన్స్ చూసే అమ్మాయి ట్యాబ్‌లో వివరాలు నింపింది, నాన్నగారి ఫోన్‌కి ఓటీపీ వచ్చింది, ఆయన చదివి చెప్పారు, అంతటితో సంతకం అయిపోయినట్టే. తనకి బీపీ ఉందని, ఆరేళ్ళుగా టెల్మీసార్టాన్ 40 వేసుకుంటున్నానని నాన్నగారు ఆ అమ్మాయితో చెప్పారు కూడా, పక్కనే అమ్మ ఉంది. పీడీఎఫ్ నాకు ఫార్వర్డ్ చేస్తే చూశాను. ఆరోగ్య ప్రశ్నలు వరసగా పదో పన్నెండో ఉన్నాయి, బీపీ, షుగరు, గుండె, థైరాయిడ్, గత ఆపరేషన్లు, ప్రస్తుతం వాడుతున్న మందులు, అన్నిటికీ ఒకే జవాబు: "లేదు". నింపేటప్పుడు అన్నీ ఒకేసారి టిక్ కొట్టేసినట్టు ఒక్క అక్షరం తేడా లేకుండా.

ఇది చిన్న విషయం కాదు. బీపీ ఉందని రాస్తే కంపెనీ మహా అయితే ప్రీమియం కాస్త పెంచుతుంది, బీపీకి సంబంధించిన చికిత్సలకి వెయిటింగ్ పీరియడ్ పెడుతుంది. ముందే ఉన్న జబ్బులకి ఈ వెయిటింగ్ 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలే, అంతకుముందు 48 ఉండేది. కానీ లేదని రాసి ఉండి, రేపు ఆస్పత్రిలో ఉందని తేలితే అది దాచిపెట్టడం కిందికి వస్తుంది, క్లెయిమ్ తిప్పికొట్టడానికీ పాలసీయే రద్దు చేయడానికీ కంపెనీకి దారి దొరుకుతుంది. వరసగా 60 నెలలు పాలసీ నడిచాక మోసం రుజువైతే తప్ప ఆ వంక పెట్టకూడదు, దాన్నే మారటోరియం అంటారు. అంటే ఆ ఐదేళ్ళూ మన మెడ మీద కత్తి అన్నమాట.

బ్యాంకు అమ్మాయికి ఫోన్ చేస్తే చాలా తేలిగ్గా, "ఏం కాదు మేడమ్, ఎండార్స్‌మెంట్ పెట్టి సరిచేయిస్తా, నాలుగు రోజులు టైమివ్వండి" అంది. ఎండార్స్‌మెంట్ అంటే ఉన్న పాలసీలో మార్పు చేయించడం. పేరు తప్పో పుట్టిన తేదీ తప్పో అయితే అది చాలు. ఆరోగ్య వివరం మారితే మాత్రం కంపెనీ మళ్ళీ మొదట్నుంచీ పరిశీలిస్తుంది, ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఆ నాలుగు రోజులు కాస్తా సాగుతుంటే ఇక్కడ ఫ్రీలుక్ కరిగిపోతుంటుంది, నాకు టెన్షన్ అక్కడ మొదలైంది.

ఫ్రీలుక్ అంటే, పాలసీ కాగితం మన చేతికి వచ్చాక చదువుకుని, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేసే గడువు. ఐఆర్‌డీఏఐ, అదే మన హైదరాబాద్ నానక్‌రాంగూడలో ఆఫీసు ఉన్న బీమా నియంత్రణ సంస్థ, 2024లో పాలసీదారుల ప్రయోజనాల రెగ్యులేషన్లు కొత్తగా తెచ్చింది, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు మామూలుగా 15 రోజులే, ఆన్‌లైన్‌లో తీసుకున్నవాటికి 30 ఉండేది, ఇప్పుడు ఏ రకంగా తీసుకున్నా 30 రోజులు. లైఫ్ పాలసీలకీ వర్తిస్తుంది, హెల్త్ పాలసీలకీ వర్తిస్తుంది. ఏడాది కన్నా తక్కువ కాలం ఉండే హెల్త్ పాలసీకీ, రెన్యువల్‌కీ మాత్రం లేదు. ఇంకో షరతు, ఈలోగా ఆ పాలసీ మీద క్లెయిమ్ పెట్టి ఉండకూడదు.

ఎక్కువమంది తడబడేది ఆ 30 రోజులు ఏ రోజు నుంచి అన్న దగ్గర. డబ్బు కట్టిన రోజు నుంచి కాదు, పాలసీ మొదలైన తేదీ నుంచి కాదు, పాలసీ డాక్యుమెంట్ మనకి అందిన రోజు నుంచి. మెయిల్‌కి వస్తే మెయిల్ వచ్చిన తేదీ, పోస్టులో వస్తే అందిన తేదీ. బ్యాంకు అమ్మాయి మాత్రం పాలసీ మొదలైన తేదీ నుంచే లెక్కేసి ఇంకా కొద్ది రోజులే ఉందన్నట్టు మాట్లాడింది. నేను పీడీఎఫ్ వచ్చిన మెయిల్ తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. పోస్టులో వస్తే ఆ కవరు పారేయకండి, స్పీడ్ పోస్ట్ నంబరు దాని మీదే ఉంటుంది.

అయితే వెంటనే రద్దు చేయమని పరిగెత్తలేదు. ముందు ఇంకో కంపెనీకి బీపీ సంగతి, మందు పేరు, ఎప్పట్నుంచి వాడుతున్నారు అన్నీ ఉన్నదున్నట్టు రాసి ప్రపోజల్ పెట్టాం. ఇప్పటికే ఫలానా పాలసీ ఉందని కూడా అందులో రాశాం, ఎందుకంటే ఆ ప్రశ్న కూడా ఉంటుంది. వాళ్ళు రక్తపరీక్షలు, ఈసీజీ చేయించి, ప్రీమియం కాస్త పెంచి, బీపీ సంబంధిత చికిత్సలకి మూడేళ్ళ వెయిటింగ్‌తో ఒప్పుకున్నారు. ఆ పాలసీ చేతికి వచ్చాకే మొదటిది రద్దు చేశాం. అరవై దాటిన మనిషికి మొదటిది తీసేసి రెండోది రాకపోతే నడివీధిలో నిలబడినట్టే, ఏ కంపెనీ అయినా కాదనే హక్కు వాళ్ళకుంది. ఫ్రీలుక్ 30 రోజులు ఉన్నది చదువుకోవడానికే అనుకుంటాం గానీ, ఇలా ఇంకో పాలసీ చూసుకోవడానికి కూడా అదే టైము, అందుకే పీడీఎఫ్ వచ్చిన వారంలోనే చదవాలి.

రద్దు ఉత్తరం బ్యాంకుకి ఇవ్వలేదు. "నాకివ్వండి మేడమ్, నేను పంపిస్తా" అంది గానీ, ఆ కాగితం ఆవిడ సొరుగులో ఎన్నాళ్ళుంటుందో మనకేం తెలుసు. పాలసీలో రాసి ఉన్న కంపెనీ కస్టమర్ కేర్ మెయిల్‌కి నాన్నగారి మెయిల్ నుంచే పంపాం, బ్యాంకుకి కాపీ పెట్టాం. మెయిల్ పొడుగ్గా ఏమీ లేదు. పాలసీ నంబరు, డాక్యుమెంట్ ఫలానా తేదీన అందింది, ఫ్రీలుక్ కింద రద్దు చేయండి, ప్రపోజల్‌లో ఆరోగ్య వివరాలు మేము చెప్పినట్టు లేవు, క్లెయిమ్ ఏదీ పెట్టలేదు, డబ్బు ఈ ఖాతాకి వేయండి. క్యాన్సిల్ చేసిన చెక్కు ఫొటో కూడా అదే మెయిల్‌లో జతచేశాం, లేకపోతే అది కావాలని అడుగుతూ నాలుగు రోజులు తినేస్తారు. జవాబుగా ఒక సర్వీస్ రిక్వెస్ట్ నంబరు వచ్చింది. రిక్వెస్ట్ అందిన 7 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలన్నది రూలు, ఆ 7 రోజులు ఈ నంబరు వచ్చిన తేదీ నుంచి లెక్క.

అనుకున్నట్టే కస్టమర్ కేర్ నుంచి ఫోన్లు వచ్చాయి, ఎందుకు రద్దు, ఇంకో ప్లాన్‌లోకి మార్చుకోండి, డిస్కౌంట్ ఇస్తాం అని. మాట్లాడింది మంచిగానే మాట్లాడారు. ఫోన్‌లో "సరే ఆలోచిస్తా" అంటే మాత్రం రిక్వెస్ట్ మూసేసే ప్రమాదం ఉంది. అందుకే నాన్నగారికి ముందే చెప్పి పెట్టాను, మెయిల్‌లో రాసిందే మా మాట అని ఒక్క ముక్క చెప్పి పెట్టేయండి అని.

ఎంత వెనక్కి వస్తుందన్నది మా అమ్మ అసలు ప్రశ్న. కట్టింది కట్టినట్టు రాదు. మూడు కోతలు ఉంటాయి: పాలసీ అమల్లో ఉన్న రోజులకి రిస్క్ ప్రీమియం, వైద్య పరీక్షలు కంపెనీ చేయించి ఉంటే వాటి ఖర్చు, స్టాంప్ డ్యూటీ. తేలిగ్గా అర్థం కావడానికి అంకెలు గుండ్రంగా వేసి చూపిస్తా. ప్రీమియం 36,500 అనుకోండి, అంటే రోజుకి 100. పాలసీ అక్టోబరు 1న మొదలైంది, పీడీఎఫ్ 6న వచ్చింది. ఫ్రీలుక్ నవంబరు 5 దాకా ఉంటుంది. మీరు అక్టోబరు 21న రద్దు మెయిల్ పెట్టారు, అప్పటికి కవర్ ఉన్నది 20 రోజులు, 2,000 పోయింది. పరీక్షలకి 2,500 అయింది అనుకుంటే అదీ పోయింది. మిగిలేది 32,000, అందులో స్టాంప్ డ్యూటీ కొద్దిగా తగ్గుతుంది. అక్టోబరు 28 లోపు ఖాతాలో పడాలి. గమనించారా, గడువు లెక్క పీడీఎఫ్ అందిన 6 నుంచి, కోత లెక్క మాత్రం పాలసీ మొదలైన 1 నుంచి. ఈ రెండూ కలిపేసుకుని గొడవపడినవాళ్ళని చూశాను. వ్యక్తిగత హెల్త్, లైఫ్ పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు కాబట్టి ఆ తలనొప్పి కూడా తప్పింది.

యూలిప్, అంటే మన డబ్బుని మార్కెట్లో పెట్టే బీమా పాలసీ, అయితే లెక్క వేరు, యూనిట్ల విలువ ఆ రోజు ఎంత ఉంటే అంత పట్టి ఇస్తారు, మార్కెట్ పడిపోయి ఉంటే ఆ నష్టం మనదే. బ్యాంకులో డిపాజిట్ వేయడానికి వెళ్ళి యూలిప్‌తో బయటికి వచ్చిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే ముందు ఆ తేదీ చూడండి.

మా డబ్బు గడువులోనే వచ్చింది, నిజం చెప్పాలి. ఇక క్లెయిమ్ సంగతి.

డిసెంబరు చివర్లో నాన్నగారికి జ్వరం, చలికాలంలో డెంగీ ఏంటి అనుకున్నాం గానీ ఎన్ఎస్1 పాజిటివ్, ప్లేట్‌లెట్లు రోజురోజుకీ దిగిపోతుంటే విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. కొత్త పాలసీకి మొదటి 30 రోజులు ప్రమాదాలకి తప్ప దేనికీ క్లెయిమ్ ఉండదు, అది దాటింది, అంతవరకూ అదృష్టం. ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర క్యాష్‌లెస్ ఫారం ఇచ్చారు. అందులో డాక్టరు నింపే పేజీలో గతంలో ఉన్న జబ్బులు, ఎప్పట్నుంచి అని ఒక గళ్ళ పట్టిక ఉంటుంది, షుగరు, గుండె, బీపీ, ఆస్తమా అలా. డ్యూటీ డాక్టరు బీపీ ఎదురుగా "6 ఏళ్ళు" అని రాశాడు, నాన్నగారే చెప్పారు మరి. ఆ గడి చూడగానే నాకు అక్టోబరులో చూసిన ఆ "లేదు, లేదు" వరస గుర్తొచ్చింది. ఆ పాత పాలసీయే ఉండి ఉంటే ఈ ఒక్క అంకె చాలు, డెంగీకీ బీపీకీ సంబంధం లేకపోయినా ఫైలు విచారణకి వెళ్ళిపోయేది.

2024 మే 29న ఐఆర్‌డీఏఐ ఇచ్చిన హెల్త్ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్యాష్‌లెస్ రిక్వెస్ట్ అందిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ అప్పుడు ఆస్పత్రి తుది బిల్లుతో రిక్వెస్ట్ పంపాక 3 గంటల్లోపు తుది అనుమతి ఇవ్వాలి. వాళ్ళ ఆలస్యం వల్ల ఆ 3 గంటలు దాటి ఆస్పత్రి అదనంగా ఏమైనా వేస్తే, అది కంపెనీ భరించాలి, అదీ పాలసీదారుల సొమ్ములోంచి కాకుండా వాటాదారుల నిధిలోంచి. చికిత్సలో మనిషి పోతే వెంటనే క్లెయిమ్ తేల్చి దేహం ఆలస్యం లేకుండా ఇప్పించాలని కూడా అందులోనే ఉంది. వినడానికి బాగుంది.

నడిచే తీరు ఇలా ఉంది. గంట అన్నది నిర్ణయానికి, ఒప్పుకోవడానికే కాదు. మాకు గంట తిరక్కుండానే జవాబు వచ్చింది, తీరా చూస్తే అది ప్రశ్న: బీపీ మొదట గుర్తించినప్పటి కాగితాలు పంపండి, పాలసీ కొత్తది కాబట్టి. పాత చీటీ ఒకటి ఇంట్లో ఫైల్లో ఉంటే అమ్మ పక్కింటి అబ్బాయి చేత ఫొటో తీయించి పంపింది. ప్రపోజల్‌లో రాసిన సంవత్సరం, చీటీ మీద సంవత్సరం, డాక్టరు రాసిన ఆరేళ్ళు మూడూ కలిశాయి, కాసేపట్లో ప్రాథమిక అనుమతి వచ్చింది. ప్రశ్న పంపితే గడియారం ఆగినట్టేనని డెస్క్‌లో కుర్రాడు చెప్పాడు, రూలు రాసినవాళ్ళు ఆ ఉద్దేశంతో రాసి ఉండరు గానీ కంపెనీలు వాడుకునేది అలాగే.

డిశ్చార్జ్ రోజు ఇంకా బాగా అర్థమైంది. పొద్దున తొమ్మిదిన్నరకి రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు గారు "ఇవాళ ఇంటికెళ్ళొచ్చు" అన్నారు. మేము బ్యాగు సర్దేసి కూర్చున్నాం. పదకొండు అయింది, పన్నెండు అయింది, అడిగితే ఒకటే మాట, "ఇన్సూరెన్స్ అప్రూవల్ రాలేదు మేడమ్". నేను కంపెనీ యాప్ తెరిచి చూస్తే అసలు డిశ్చార్జ్ రిక్వెస్టే కనపడదు. టీపీఏ, అంటే కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ, వాళ్ళకి ఫోన్ చేస్తే "మాకు ఇంకా ఏమీ రాలేదండి" అన్నారు. అప్పుడు డెస్క్ దగ్గరికి వెళ్ళి, "ఏ టైముకి పంపారో చూపించు నాయనా" అంటే ఆ కుర్రాడు నిజాయితీగానే చెప్పాడు, వాడని మందులు ఫార్మసీకి వాపసు కావాలి, ల్యాబ్ బిల్లు మూసేయాలి, డిశ్చార్జ్ సమ్మరీ టైపు అయి డాక్టరు సంతకం పడాలి, అప్పుడు గానీ పంపలేం అని. చివరికి పంపింది ఒంటిగంట పదికి. అనుమతి వచ్చింది మూడు నలభైకి. అంటే కంపెనీ రెండున్నర గంటల్లోనే తేల్చింది, రూలు నూటికి నూరుపాళ్ళు పాటించింది, మేము మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాం.

ఆ 3 గంటల రూలు బీమా కంపెనీ మీద, ఆస్పత్రి మీద కాదు. ఐఆర్‌డీఏఐ చేతికింద ఆస్పత్రులు లేవు. కాబట్టి డాక్టరు డిశ్చార్జ్ అన్న నిమిషం నుంచి ఇన్సూరెన్స్ అప్రూవల్ గురించి కాదు, బిల్లు ఎప్పుడు మూస్తారు, సమ్మరీ ఎవరి దగ్గర ఆగింది అని అడగాలి. వీలైతే ముందు రోజు సాయంత్రమే అడగాలి. రిక్వెస్ట్ పంపగానే మన ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, ఆ మెసేజ్ టైమే గడియారం మొదలైన టైము, తీసేయకండి. అక్కడినుంచి 3 గంటలు దాటి, ఆ కారణంగా ఇంకో రోజు గది అద్దె వేస్తే అప్పుడు మన దగ్గర ఆధారం ఉంటుంది. దాటకపోతే గది అద్దె గొడవ ఆస్పత్రితోనే పడాలి.

గ్లవ్స్, అడ్మిషన్ కిట్ లాంటివి పాలసీలో రావు, వాటికి రెండు వేల చిల్లర మేమే కట్టాం. మిగతా బిల్లంతా క్యాష్‌లెస్‌లో పోయింది.

చేరకముందు చేయించిన పరీక్షలు, తర్వాత వాడిన మందులు, రెండోసారి చూపించుకున్న ఫీజు, ఇవన్నీ కలిపి 7,400. మా పాలసీలో చేరకముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల ఖర్చులు వస్తాయి, అవి మనం కట్టేసి బిల్లులు పెట్టి తెచ్చుకోవాలి, రీఇంబర్స్‌మెంట్ అంటారు. 2024 సెప్టెంబరు 5 నాటి పాలసీదారుల ప్రయోజనాల మాస్టర్ సర్క్యులర్‌లో ఇలాంటి హెల్త్ క్లెయిమ్‌కి గడువు 15 రోజులు. ఇక్కడా అదే కథ, ఏ రోజు నుంచి? మనమేమో క్లెయిమ్ పెట్టిన రోజు నుంచి అంటాం, వాళ్ళేమో చివరి కాగితం అందిన రోజు నుంచి అంటారు. మాకు ముందు ఒక మందుల బిల్లుకి డాక్టరు చీటీ అడిగారు, అది ఇచ్చాక ఈసారి ల్యాబ్ రిపోర్టు కాపీ అడిగారు, ఆ రిపోర్టు మొదటి రోజే అప్‌లోడ్ చేసి ఉంది. ఇలా విడతలుగా అడిగినప్పుడల్లా వాళ్ళ లెక్కలో గడియారం మళ్ళీ సున్నాకి వస్తుంది. రెండోసారి అడిగినప్పుడు నేను రాసింది ఇది, "ఇది ఫలానా తేదీన అప్‌లోడ్ అయి ఉంది, రసీదు జత చేశాను, ఇంకేమైనా కావాలంటే అన్నీ ఒకేసారి రాతపూర్వకంగా చెప్పండి". ఆ తర్వాత కాగితాలు అడగలేదు, డబ్బూ రాలేదు.

గడువు దాటాక కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టా, పేరు, మెయిల్ పాలసీలోనే ఉంటాయి. ఫిర్యాదుని వాళ్ళు 14 రోజుల్లో తేల్చాలి. అంతదాకా పోలేదు, డబ్బు పడింది. పడ్డాక, ఆలస్యానికి వడ్డీ ఏదని ఇంకో మెయిల్ పెట్టా. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకి 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి, ఆ ఆర్థిక సంవత్సరం మొదట్లో ఉన్న బ్యాంక్ రేటు పడుతుంది, 2025 ఏప్రిల్ 1న అది 6.5, కాబట్టి 8.5 శాతం. 7,400 మీద రెండు వారాలకి లెక్కేస్తే 24 రూపాయలు! మా తమ్ముడు నవ్వాడు, నీ కరెంటు ఖర్చుకి కూడా రాదే అక్కా అని. నిజమే, ఈ వడ్డీకి కంపెనీ భయపడదు. లైఫ్ క్లెయిమ్ లాంటి పెద్ద మొత్తం అయితే ఆ శాతం లెక్కలోకి వస్తుంది, 25 లక్షలకి నెల ఆలస్యమైతే పదిహేడు వేల పైనే. ఆ 24 రూపాయలు మాకు పడ్డాయి, ఆ ఎంట్రీ చూసి నాన్నగారు మాత్రం చాలా సంతోషపడ్డారు.

లైఫ్ పాలసీల సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తా, ఎందుకంటే నామినీలకి ఇది తెలీదు. మరణ క్లెయిమ్‌లో విచారణ అక్కర్లేకపోతే 15 రోజులు, విచారణ చేయాల్సి వస్తే 45 రోజులు. మెచ్యూరిటీ అయితే ఆ తేదీకే డబ్బు ఇవ్వాలి. పాలసీ తీసుకున్న మూడేళ్ళలోపు మనిషి పోతే విచారణ తప్పదనే అనుకోండి. మూడేళ్ళు దాటాక బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఏ కారణంతోనూ ఆ పాలసీని ప్రశ్నించకూడదు.

తిరస్కరణ ఉత్తరం వస్తే రెండు విషయాలు చూడాలి. హెల్త్ క్లెయిమ్‌ని టీపీఏనో కింది ఉద్యోగో తనంతట తాను తోసిపుచ్చడానికి లేదు, కంపెనీలో క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం ఉండాలి. పాలసీలో ఏ షరతు కింద కాదన్నారో ఉత్తరంలో స్పష్టంగా రాయాలి. "మా నిబంధనల ప్రకారం కుదరదు" అని ఊరికే రాస్తే ఆ రెండూ అడుగుతూ తిరిగి రాయండి. కంపెనీ జవాబు నచ్చకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్, bimabharosa.irdai.gov.in లేదా 155255 ఉంది. అయితే అది ఫిర్యాదుని మళ్ళీ కంపెనీకే పంపి జవాబు చెప్పిస్తుంది, తీర్పు చెప్పదు. తీర్పు కావాలంటే బీమా అంబుడ్స్‌మన్, మన రెండు రాష్ట్రాలకీ యానాంకీ హైదరాబాద్ ఆఫీసే. కంపెనీకి ఫిర్యాదు చేసి నెల గడిచినా జవాబు లేకపోతే, లేదా కాదంటే, ఏడాదిలోపు వెళ్ళాలి. ఫీజు లేదు, 50 లక్షల దాకా ఇప్పించగలరు.

రెన్యువల్‌కి ఫ్రీలుక్ లేదని పైన చెప్పా కదా. అందుకే వచ్చే అక్టోబరు చివర్లో మా పాలసీ రెన్యువల్ నోటీసు వచ్చినప్పుడు, డబ్బు కట్టకముందే కొత్త కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్, అంటే పాలసీలో ముఖ్యమైనవి క్లుప్తంగా రాసి ఉండే కాగితం, తెప్పించి పాతదానితో పక్కపక్కన పెట్టి చూడాలని అనుకున్నాం. దాన్ని తెలుగులో ఇమ్మని అడిగితే ఇవ్వాలి, అమ్మ ఈసారి తనే చదువుతానంటోంది.